ఫైనల్, ఫైనల్2, నిజంగా ఫైనల్

కంపెనీ వార్షిక నివేదికను రాసేవాళ్లు ఉండరు, దిద్దేవాళ్లే ఉంటారు. ఆఫీసు గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలిసిన సంగతే కాబట్టి వాదన అనవసరం. ఒక్క వాక్యం సంగతి చూద్దాం.

"ఈ ఏడాది బాకీల వసూలు మందగించింది. ఒక పెద్ద కస్టమర్ చెల్లింపులు ఆపడమే కారణం. రిసీవబుల్స్ టర్నోవర్ 6 నుంచి 4.2కి తగ్గింది." ఏడాది అమ్మకాలను బాకీలతో భాగిస్తే వచ్చే అంకె అది. అంటే నిరుడు దాదాపు 61 రోజుల్లో చేతికొచ్చిన డబ్బు ఇప్పుడు 87 రోజులకు వస్తోందని. సరే, మూడు వాక్యాలు. ఒప్పుకుంటాను.

ఫైలు పెద్దల దగ్గరికి బయల్దేరింది. 'మందగించింది' నెగెటివ్‌గా ఉందనీ, 'కస్టమర్లతో బంధం బలపడింది' అని రాయాలనీ మార్కెటింగ్ వారు సెలవిచ్చారు. నిజమే, బాకీ పడ్డవాడితో బంధం తెగదు. మొత్తం కొట్టేయమంది లీగల్. 4.2 తప్పు, 3.8 అన్నారు ఇన్వెస్టర్ రిలేషన్స్ వారు. సేల్స్ హెడ్ గారు మార్జిన్‌లో ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నారు. అది దేని గురించో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎండీ ఆఫీసు నుంచి "గుడ్, కాస్త పంచ్ కావాలి" అని వచ్చింది. కంపెనీ సెక్రటరీ దగ్గర పనిచేసే కుర్రాడు అర్ధరాత్రి కూర్చుని, హోదాల వరసలో అన్నీ ఒప్పుకుంటూ పోయాడు.

ఒప్పుకోవాల్సింది హోదాను బట్టి కాదు, కామెంట్ రకాన్ని బట్టి. 3.8 ఎలా వచ్చింది? ఏడాది చివరి బాకీతో లెక్కేశారు. 4.2 సగటు బాకీతో వేసింది. ఆడిట్ అయిన ఖాతాల నోట్‌లో ఏది ఉంటే అదే ఇక్కడా ఉండాలి, ఆడిటర్ రెండూ పక్కపక్కన పెట్టి చదువుతాడు. ఇక కొట్టేయడమా? లిస్టయిన కంపెనీలో ముఖ్యమైన నిష్పత్తి 25 శాతం, ఆపైన మారితే వివరణ ఇవ్వాల్సిందేనన్నది సెబీ నిబంధన. ఇక్కడ మారింది 30 శాతం. కస్టమర్ పేరు రాయొద్దంటే లీగల్ మాట వినొచ్చు, కారణమే తీసేయమంటే కాదు. పంచ్, బంధం వగైరాలు రుచికి సంబంధించినవి. వాటిని నివేదిక బాధ్యుడొక్కడే తేల్చాలి. అప్పటికీ ఇద్దరు పెద్దలు పట్టు వీడకపోతే, ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టి, సీఎఫ్‌ఓను కాపీలో ఉంచి, "గురువారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చండి" అనడమే.

ఇదేమీ జరగలేదు. అచ్చులో బంధం బలపడింది, కారణం మాయమైంది. పెన్షన్ డబ్బు షేర్లలో పెట్టిన పెద్దాయన చదవాల్సిన ఒకే ఒక్క వాక్యం అది! పరువు కోసం దాన్ని మింగేసి, రేపు ఎవరైనా అడిగితే "డ్రాఫ్టింగ్ పొరపాటు" అంటారట. సిగ్గుండాలి. ఆ పొరపాటు అనే మాటకు అర్థం, నెలజీతం మీద బతికే ఆ కుర్రాడు.

బాబూ, మార్పులు ఒప్పుకునే ముందు ప్రతి ఫైలూ విడిగా దాచుకో. ఎవరు ఏ పూట ఏం కొట్టేశారో పేరుతో సహా అందులోనే ఉంటుంది.