కలోంజి కషాయం, ఎలుక మోతాదు, మన చెంచా

"నల్ల జీలకర్రలో (కలోంజి) థైమోక్వినోన్ అనే అద్భుతం ఉంది. ఫారో సమాధిలో కూడా ఇది దొరికింది. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా మూలంలోనే ఆపుతుందని, షుగర్‌ని పూర్తిగా తగ్గిస్తుందని సైంటిస్టులు నిరూపించారు. చెంచా గింజలు గ్లాసు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి పరగడుపున తాగండి. 40 రోజుల్లో మాత్రలు, ఇన్సులిన్ మానేయొచ్చు. 10 మందికి పంపండి."

ఈ నెలలో ఇది నాకు రావడం ఆరోసారి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి స్నేహితుల గ్రూపులో, చివరికి పెళ్లి భోజనాల మెనూ కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ఫారో సంగతి: టూటంఖామన్ సమాధిలో ఈ గింజలు దొరికిన మాట నిజమే. రథాలు కూడా దొరికాయి. తర్వాతి పాయింట్.

నల్ల జీలకర్ర అని అడిగితే కొన్ని కొట్లలో బిర్యానీలో వేసే షాహీ జీరా కట్టి ఇస్తారు. అది వేరే మొక్క. మెసేజ్ చెప్పేది ఊరగాయ మసాలాలో, నాన్ మీద కనిపించే మూడు పలకల నల్ల గింజ గురించి. కషాయం కాచే ముందు ఆ సంగతి చూసుకోండి.

కషాయం అన్నాం కాబట్టి అది కూడా చూద్దాం. థైమోక్వినోన్ ఉండేది గింజలోని ఆవిరయ్యే నూనెలో. నీళ్లలో సరిగా కరగదు, వేడికీ వెలుతురుకీ పాడవుతుంది. గ్లాసు నీళ్లు సగమయ్యేదాకా మూత లేకుండా మరిగిస్తే వంటిల్లంతా ఘాటుగా వాసన వస్తుంది చూడండి, మీరు తాగాలనుకున్నదాంట్లో చాలా భాగం అలా కిటికీలోంచి పక్కింటికి వెళ్తోందన్నమాట. వాళ్లకి షుగర్ ఉందో లేదో కనుక్కోండి.

ఇక వాపు. ఇందులో నిజంగానే మంచి సైన్స్ ఉంది. మన కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్ ఒకటి మామూలుగా కేంద్రకం బయటే కట్టేసి ఉంటుంది. ప్రమాద సంకేతం అందగానే కట్టు తెంచుకుని కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుంటుంది, వాపు పుట్టించే జన్యువులను ఆన్ చేస్తుంది. థైమోక్వినోన్ క్వినోన్ జాతి అణువు, ప్రోటీన్లలో ఉండే, గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కనిపిస్తే పట్టుకుంటుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈ ప్రోటీన్‌లోని పీ65 అనే భాగంలో 38వ స్థానంలో ఉన్న సిస్టీన్‌ని ఇది పట్టుకుంటుందని, దాంతో ఆ ప్రోటీన్ డీఎన్ఏ మీద కూర్చోలేకపోతుందని చూపించారు. ఆ ఒక్క సిస్టీన్ మార్చేస్తే థైమోక్వినోన్ పని చేయలేదు. చక్కటి ప్రయోగం, కాదనను.

కానీ అది గాజు పాత్రలో పెంచిన కణాల మీద. మన రక్తంలో సిస్టీన్లకు కరువా? ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్‌లో ఒకటి సిద్ధంగా ఉంటుంది, కణాల్లో సిస్టీన్ ఉన్న గ్లూటాథయోన్ నిండా ఉంటుంది. కంటపడిన ప్రతి సిస్టీన్‌నీ పట్టుకునే అణువు పేగు దాటి, లివర్ దాటి, మీ మోకాలిదాకా వెళ్లి సరిగ్గా ఆ 38వ స్థానాన్నే వెతుక్కుంటుందా? అందుకే పాత్రలో పని చేసింది కాబట్టి మోకాలి వాపు "మూలంలోనే ఆగుతుంది" అనడం కుదరదు.

నాకు ఒళ్లు మండేది షుగర్ పాయింట్ దగ్గర. మా చిన్నాన్న ఈ మెసేజ్ నమ్మి మాత్రలు పక్కన పెట్టేశాడు. మూడు వారాలకి రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంటే పిన్నికి అనుమానం వచ్చి గ్లుకోమీటర్ పెట్టింది. ఫాస్టింగ్ 286. "ఇంకా 40 రోజులు కాలేదు కదరా" అన్నాడు నాతో.

"నిరూపించారు" అన్నది చూద్దాం. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం నుంచి 2009లో ఎలుకల మీద ఒక అధ్యయనం వచ్చింది. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో, కొంత రక్షణకి నికోటినమైడ్ ఇచ్చి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీశారు. తర్వాత 45 రోజులు థైమోక్వినోన్ ఇచ్చారు. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున్నే ఫాస్టింగ్ ఎక్కువ ఉంటుంది కదా, లివర్ సొంతంగా గ్లూకోజ్ చేసి రక్తంలోకి వదలడం దానికి ముఖ్య కారణం. ఆ గ్లూకోజ్ తయారుచేసే ఎంజైములు ఈ ఎలుకల్లో తగ్గాయి, గ్లూకోజ్‌ని వాడుకునేవి పెరిగాయి. బాగా పని చేసిన మోతాదు కిలో బరువుకి 80 మిల్లీగ్రాములు.

ఇప్పుడు లెక్క. ఎలుక మోతాదుని మనిషికి మార్చాలంటే మామూలుగా 6.2తో భాగిస్తారు. కిలోకి దాదాపు 13 మిల్లీగ్రాములు వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకి 770 పైచిలుకు. అది స్వచ్ఛమైన థైమోక్వినోన్, గింజలు కాదు. గింజల్లో ఆవిరయ్యే నూనె సుమారు ఒక శాతం, అందులో థైమోక్వినోన్ మూడో వంతు అనుకుందాం. చెంచాకి సుమారు 2 గ్రాముల గింజలు అనుకుంటే, వాటిలో దాదాపు 7 మిల్లీగ్రాములు! ఎలుకలతో సమానం కావాలంటే రోజుకి 220 గ్రాములకు పైగా నమలాలి. చాలా మంచి గింజ దొరికి, నూనె 2.5 శాతం, అందులో సగం థైమోక్వినోన్ అనుకున్నా 60 గ్రాములు దాటుతుంది. మీరు చెంచాతో మొదలెట్టారు.

సరే, ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వెతికితే మనుషుల మీద చేసింది కూడా దొరికింది, నేను అనుకున్నంత పనికిమాలినది కాదు. సౌదీలో 94 మంది టైప్ 2 రోగులకు 1, 2, 3 గ్రాముల గింజల పొడి క్యాప్సూల్స్ మూడు గుంపులుగా ఇచ్చారు, 2010లో ఒక భారతీయ జర్నల్‌లోనే వచ్చింది. 2 గ్రాముల గుంపులో 12 వారాలకు, మూడు నెలల సగటు షుగర్‌ని చూపించే హెచ్‌బీఏ1సీ సుమారు 1.5 పాయింట్లు తగ్గింది. ఒక మంచి మాత్రకి కూడా అది చిన్న అంకె కాదు. 1 గ్రాముతో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, 3 గ్రాములతో అదనపు లాభం లేదు. అంటే మెసేజ్ రాసినాయన చెంచా కొలత మరీ గాలిలోంచి తీసింది కాదు, మరిగించమన్నదే సొంత కవిత్వం.

అయితే రెండు సంగతులు. ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్న గుంపు అందులో లేదు, కాబట్టి డాక్టర్ల చుట్టూ తిరుగుతూ తిండి జాగ్రత్త పడినందువల్ల ఎంత తగ్గిందో విడదీయలేం. రెండోది, ఆ 94 మందీ తమ మాత్రలు వేసుకుంటూనే గింజలు తీసుకున్నారు. మాత్రలు మానమని ఎవరికీ చెప్పలేదు. ఒకవేళ గింజల వల్లే తగ్గిందనుకున్నా, 7 మిల్లీగ్రాములతో ఎలుకల లివర్‌లో జరిగిందే ఇక్కడా జరిగిందని ఎలా అంటాం? గింజలో మిగతా నూనె ఉంది, పీచు ఉంది, వేరే పదార్థాలున్నాయి. ఎలుకల అధ్యయనం నుంచి కారణం, మనుషుల అధ్యయనం నుంచి అంకె తీసుకుని జిగురుతో అతికించి "నిరూపించారు" అని రాసేశారు.

ఇన్సులిన్ మానమన్న వాక్యం రాసిన చేతికి దండం. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లో రక్తంలో కీటోన్లు పేరుకుని వాంతులు, ఆయాసం మొదలై ఐసీయూ దాకా వెళ్తుంది. 40 రోజులు లెక్కపెట్టే అవకాశం కూడా ఉండదు.

చిన్నాన్న మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు, గింజలు మాత్రం మానలేదు, పెరుగన్నంలో వేసుకుంటున్నాడు. నేనేమీ అనలేదు. కాకపోతే ఆయన మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంది, రెండూ కలిసి షుగర్ మరీ కిందికి పోవచ్చు కాబట్టి డాక్టరుకి గింజల సంగతి చెప్పించా. చెమటలు పట్టి చేతులు వణికితే ముందు గ్లుకోమీటర్ చూడమని, 70 కంటే తక్కువుంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వమని పిన్నికి ఫ్రిజ్ మీద రాసి అంటించాను.