సెమినార్‌లో అబ్‌స్ట్రాక్ట్ అప్పజెప్పొద్దు

మన పీజీ సెమినార్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. సార్ ఒక జర్నల్ పేపర్ ఇస్తారు, వారం గడువు పెడతారు. విద్యార్థి మొదటి పేజీ నుంచి వరసగా చదవడం మొదలుపెడతాడు. సమీకరణాలు కనబడగానే ఆగిపోతాడు. చివరికి అబ్‌స్ట్రాక్ట్‌ను ముక్కలు చేసి నాలుగైదు స్లైడ్లలో పెట్టి అప్పజెప్తాడు. ఇందులో లోపమేంటని అడిగితే “శాంపిల్ చిన్నది, ఒక్క రాష్ట్రానికే పరిమితం” అంటాడు. ఈ మాట ఏ పేపర్‌కైనా అతుకుతుంది, అందుకే ఏ పేపర్ గురించీ ఏమీ చెప్పదు. గట్టి పేపర్‌ను కూడా గంటన్నరలో చదవొచ్చు, అలాగే చదవాలి కూడా. కాకపోతే ఆ గంటన్నరా ఒకే ప్రశ్న మీద నడవాలి: పేపర్ అంటున్న మాటకూ, అది నిజంగా కొలిచినదానికీ మధ్య ఎంత దూరం ఉంది?

ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లా ఊళ్లు కూడా ఉన్న పేపరే ఒకటి 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ రాశారు. ఉపాధి హామీ కూలి, పింఛన్లను వేలిముద్రతో ఇచ్చే స్మార్ట్‌కార్డుల మీద అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ప్రయోగం అది. అచ్చులో 35 పేజీలు, అనుబంధం వేరే.

మొదటి పావుగంటలో అబ్‌స్ట్రాక్ట్, ఉపోద్ఘాతం చూసి పక్కన పెట్టి, పేపర్ వాదాన్ని సొంత మాటల్లో ఒకే వాక్యంగా రాసుకోవాలి. ఆ వాక్యంలో ఎవరికి, దేనివల్ల, దేనితో పోలిస్తే, ఎంత అన్న నాలుగూ ఉండాలి. “స్మార్ట్‌కార్డుల వల్ల అవినీతి తగ్గింది” అని రాస్తే అది పత్రిక హెడ్డింగ్ అవుతుంది, వాదం కాదు. ఈ పేపర్‌కు వాక్యం ఇలా ఉండాలి: కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో, రెండేళ్లు ఆలస్యంగా రావాల్సిన మండలాలతో పోలిస్తే, ఉపాధి కూలి త్వరగా చేతికొచ్చింది, కుటుంబాల ఉపాధి ఆదాయం 24 శాతం పెరిగింది, ప్రభుత్వ ఖర్చు పెరగలేదు, మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. ఈ వాక్యం రాయలేకపోతే ముందుకు పోవడం దండగ.

తర్వాత పద్ధతి. ఇక్కడ విద్యార్థులు గణాంక సూత్రాల్లో చిక్కుకుపోతారు. నిజానికి ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: లాటరీ తీసింది దేనికి? మనుషులకు కాదు, మండలాలకు. 8 జిల్లాల్లో 112 మండలాలకు కార్డులు ముందు ఇవ్వాలని, 45 మండలాలకు చివర్లో ఇవ్వాలని లాటరీతో తేల్చారు. ఆ రెండింటి మధ్య సమయం ఎడం ఉండాలని మరో 139 మండలాలను పక్కన ఉంచారు. 2010లో ఒకసారి, 2012లో ఒకసారి ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశారు. జిల్లాల పేర్లు, మ్యాపు ఒకే బొమ్మలో ఉంటాయి. ఆ బొమ్మ కింది వాక్యాలు చదివితే పద్ధతిలో సగం అర్థమైనట్టే. అందులో నల్గొండ ఉంది, మహబూబ్‌నగర్ లేదు. వలస కూలీలకు మారుపేరైన పాలమూరు లేదన్నది అడగదగ్గ ప్రశ్నే, కానీ అసలు లోపం అది కాదు.

తర్వాత ఫలితాల పట్టికకు పోవాలి. ముందుగా చూడాల్సింది నక్షత్రాల గుర్తులను కాదు, కార్డులు రాని మండలాల సగటును. మాయమయ్యే సొమ్ము 12.7 శాతం పాయింట్లు తగ్గిందని పేపర్ చెప్తుంది, అదే 41 శాతం తగ్గుదల అని కూడా చెప్తుంది. రెండూ ఎలా నిజమవుతాయి? కార్డులు రాని మండలాల్లో వంద రూపాయలకు సుమారు 31 రూపాయలు కూలీకి చేరడం లేదు. 31లో 12.7 అంటే 41 శాతం. ఈ చిన్న లెక్క చేయకుండా 41 అంకెను స్లైడ్ మీద పెట్టేవాడు, వందకు 41 రూపాయలు మిగిలాయని సభను నమ్మిస్తాడు.

ఈ మాయమైన సొమ్మును కొలిచిన తీరు కూడా చూడాలి. ప్రభుత్వ రికార్డులో ఇచ్చినట్టున్న మొత్తం నుంచి, కూలీలు తమకు వచ్చిందని సర్వేలో చెప్పిన మొత్తాన్ని తీసేస్తే మిగిలింది అది. కూలీకి ఎన్ని వారాలు పనిచేశాడో సరిగ్గా గుర్తుండకపోవచ్చు కదా అని సెమినార్‌లో ఎవరో ఒకరు లేస్తారు. మంచి ప్రశ్నే, కానీ అక్కడితో ఆగితే చాలదు. మతిమరుపు రెండు రకాల మండలాల్లోనూ ఒకే తీరుగా ఉంటే, తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది. కార్డు ఉన్నచోట మనుషులు లెక్క మెరుగ్గా గుర్తుంచుకుంటేనే ఫలితం చెడుతుంది. లోపం చెప్పేవాడు ఆ లోపం ఫలితాన్ని ఎటువైపు లాగుతుందో కూడా చెప్పాలి. అది చెప్పలేనిది లోపం కాదు, అనుమానం మాత్రమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పేపర్‌లో పెద్ద బలహీనత “స్మార్ట్‌కార్డు” అన్న ఒక్క పేరు కింద రెండు మార్పులు దాగి ఉండటం. అంతకుముందు కూలి ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వచ్చేది. కొత్త పద్ధతిలో బ్యాంకు తరఫున ఒక సంస్థ, ఆ సంస్థ తరఫున ఊళ్లోనే ఉండే మనిషి, చాలాచోట్ల స్వయం సహాయక సంఘం మహిళ, డబ్బు పంచింది. ఇది పంపిణీలో మార్పు. ఆమె చేతిలోని యంత్రం మీద వేలిముద్ర వేయడం రెండో మార్పు. లాటరీ ఈ రెండింటినీ కలిపి ఒకే మూటగా మండలాలకు ఇచ్చింది. కాబట్టి లాటరీ బలంతో చెప్పగలిగేది ఆ మూట గురించే. వేలిముద్ర వల్ల ఎంత, ఊళ్లోని మనిషి వల్ల ఎంత అన్నది లాటరీ చెప్పదు.

రచయితలు దీన్ని దాచలేదు. వాళ్లే ఫలితాలను విడదీసి చూశారు. కార్డు పద్ధతి మొదలైన ఊళ్లలో, కార్డు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ డబ్బు తీసుకునే తిప్పలు ఒకేలా తగ్గాయి. అంటే సమయం ఆదా అవడం ప్రధానంగా పంపిణీ ఊళ్లోకి రావడం వల్లే అయ్యుండాలి. సొమ్ము మాయమవడం మాత్రం కార్డు చేతిలో ఉన్నవాళ్ల దగ్గరే ఎక్కువగా తగ్గింది, అది వేలిముద్ర వైపు వేలు చూపిస్తుంది. అయితే ఈ విడదీత లాటరీతో వచ్చింది కాదు. కార్డు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది యాదృచ్ఛికం కాదు. చురుకైన సర్పంచి ఉన్న ఊరికి, రోజూ పనికి పోయే కూలీకి ముందు అంది ఉండొచ్చు. అందుకే పేపర్‌లో ఆ భాగం సూచన మాత్రమే, రుజువు కాదు. ఇలాంటి చోటును పట్టుకోవడానికి 35 పేజీలూ వరసగా చదవక్కర్లేదు. “విడదీసి చూస్తే” అన్న తరహా ఉపశీర్షిక ఎక్కడుందో వెతికి, అక్కడ మాత్రం ప్రతి వాక్యం నెమ్మదిగా చదవాలి. రచయితల గొంతు ధీమా నుంచి జాగ్రత్తకు ఎక్కడ మారుతుందో బలహీనత అక్కడే ఉంటుంది.

ఇంకొకటి కూడా చూడాలి. రెండేళ్లు గడిచినా కార్డు మండలాల్లో కార్డు పద్ధతిలో జరిగిన చెల్లింపులు సుమారు సగమే. 41 శాతం అన్నది ఆ సగం అమలును కూడా కలుపుకున్న సగటు. కార్డు ఉన్న కూలీకి దక్కిన మేలు అని దాన్ని చదవకూడదు. పైగా ఆ సగం అమలులోనే ఒక రక్షణ ఉంది. కార్డు లేదని కూలి ఆపలేదు, పాత పద్ధతిలోనూ ఇచ్చారు. పథకం ఎవరికీ అందకుండా పోలేదన్న పేపర్ మాటకు ఆ మినహాయింపే ఆధారం.

తొందరగా చదివితే లోతు పోతుందని, పిల్లలకు మొదటి నుంచి చివరిదాకా చదివే ఓపిక నేర్పాలని కొందరు అధ్యాపకులు అంటారు. సొంత థీసిస్‌కు వెన్నెముకగా నిలిచే రెండు మూడు పేపర్ల విషయంలో వాళ్ల మాట నిజం. కానీ వారం వారం మారే సెమినార్ పేపర్‌ను అలా చదవమంటే జరిగేది లోతైన చదువు కాదు, పన్నెండో పేజీ దగ్గర ఆగిపోవడమే.

నాకు దీని మీద ఇంత పట్టింపు ఎందుకంటే, అబ్‌స్ట్రాక్ట్ దగ్గర ఆగే చదువు సెమినార్ గదిలో ఆగదు. అదే విద్యార్థి రేపు ఎంపీడీవో ఆఫీసులో, సచివాలయంలో, పత్రికలో కూర్చుంటాడు. “వేలిముద్ర పెడితే దొంగతనం ఆగుతుందని ఆంధ్రప్రదేశ్‌లో రుజువైంది” అన్న వాక్యాన్ని అతనే ఫైల్లో రాస్తాడు. ఆ వాక్యం ఎంత బలహీనమో ఇదే ముగ్గురు రచయితలు జార్ఖండ్‌లో రేషన్ మీద చేసిన మరో ప్రయోగం చూపించింది. అక్కడ ఊళ్లోకి కొత్త మనిషి రాలేదు, పాత రేషన్ దుకాణమే ఉంది, ఆధార్ ధ్రువీకరణ మాత్రం వచ్చింది. ఆ ఒక్క మార్పుతో దొంగతనం తగ్గలేదు. ముందుగా రేషన్‌కు ఆధార్ నమోదు చేసుకోని 23 శాతం మందికి అందే లబ్ధి మాత్రం 10 శాతం తగ్గింది. మూటలో ఒక ముక్క తీసి ఇంకోచోట పెడితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలికి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయింది. ఇందులో కూలి, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకు పోతుంది. దీన్ని సమర్థించడానికి 2016 పేపర్‌ను ఎవరైనా ముందు పెడితే, నల్గొండ విద్యార్థి లేచి అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఊళ్లోనే డబ్బు పంచిన మహిళ ఈ పద్ధతిలో ఎక్కడుంది? పైసలు చేతికిచ్చేటప్పుడు వేసే వేలిముద్ర ఎక్కడుంది? కార్డు లేనివాళ్లకు అప్పుడు దొరికిన పాత దారి ఇప్పుడు ఎక్కడుంది? ఈ మూడింటికీ జవాబు పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌లో దొరకదు. మ్యాపు కింది వాక్యాల్లో, సగటుల పట్టికలో, విడదీసి చూసిన ఆ భాగంలో దొరుకుతుంది.

కాబట్టి సెమినార్ మార్కుల పద్ధతి మారాలి. సారాంశం చెప్పినందుకు మార్కులు ఇవ్వొద్దు. వాదాన్ని ఒక్క వాక్యంలో రాసినందుకు కొన్ని ఇవ్వాలి, లాటరీయో పోలికో దేని మీద జరిగిందో చెప్పినందుకు కొన్ని ఇవ్వాలి. ఎక్కువ మార్కులు మాత్రం ఒకే ఒక్క బలహీనతకు ఇవ్వాలి: అది ఈ పేపర్‌కు మాత్రమే అతకాలి, ఫలితాన్ని ఎటువైపు లాగుతుందో విద్యార్థి చెప్పాలి, ఏ పేజీలో పట్టుకున్నాడో చూపించాలి.