కర్నూలు వకీలుకు ఒక ప్రచార వ్యూహం

కర్నూలులో పుట్టినరోజుకూ, పెళ్లిరోజుకూ, మేనల్లుడి ఇంటర్ ఫలితానికీ ఫ్లెక్సీ కట్టే సదాచారం వర్ధిల్లుతుండగా, న్యాయవాదులు మాత్రం పేరు, డిగ్రీ రాసిన చిన్న పలకతో కాలం వెళ్లదీయడం మా ప్రచార నిపుణుల మనస్సులను తీవ్రంగా కలచివేస్తోంది. అందుకే ఒక యువ వకీలుకు సమగ్ర వ్యూహం రచించే భారాన్ని మేమే నెత్తిన వేసుకున్నాము.

తొలుత ముప్పై అడుగుల ఫ్లెక్సీని ప్రతిపాదించాము. ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోరాదనీ, పేరు పలక సైతం సమంజసమైన సైజులోనే ఉండాలనీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం చెబుతోందట. పోనీ పలక మీదే 'భూతగాదాల నిపుణులు' అని రాయిద్దామంటే, ఫలానా కేసుల్లో ప్రత్యేకత ఉందని సూచించడమూ నిషిద్ధమే. 'బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షులు' అన్న మాటకూ చోటు లేదు. ఇక ఆ ఎన్నికల్లో అంత ఖర్చు పెట్టేవారి ఉద్దేశమేమిటో మాకు అంతుపట్టలేదు. 2008లో వెబ్‌సైటుకు వెసులుబాటు ఇచ్చారు గానీ, అందులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంటు నంబరు, అర్హతలు, ప్రాక్టీసు చేసే రంగాలు వంటి వివరాలకు మించి ఏమీ పెట్టరాదు. చివరికి బస్టాండులో కక్షిదారులను పట్టి తెచ్చే మనుషులను పెడదామనుకున్నాము. న్యాయవాదుల చట్టానికి చేసిన 2023 సవరణ ప్రకారం జిల్లా జడ్జి అలాంటి దళారుల జాబితా ప్రకటించవచ్చు, జాబితాకెక్కినవాడు అదే పని చేస్తే మూడు నెలల దాకా జైలు ఉంటుంది. అంటే మా సేల్స్ విభాగం మొత్తం లోపలికి వెళ్తుంది.

ఈలోగా డోన్ వైపు నుంచి ఒక రైతు పాత అగ్రిమెంటుతో వచ్చాడు. 2014 మార్చిలోగా రిజిస్టరు చేసిస్తానని అమ్మినాయన అందులో రాసిచ్చాడు.

"దావా ఏస్తే పొలం వస్తాదా సార్?"

గడువు పెంచినట్టు వెనక ఏమైనా రాయించుకున్నావా, పొలం నీ స్వాధీనంలో ఉందా అని వకీలు అడిగారు. రెంటికీ రైతు లేదన్నాడు. తేదీ రాసుకున్న అగ్రిమెంటు మీద రిజిస్ట్రేషన్ కోసం దావా వేయాలంటే ఆ తేదీ నుంచి మూడేళ్లే గడువనీ, అది 2017 మార్చితోనే తీరిపోయిందనీ, ఇప్పుడు వేస్తే కోర్టు ఫీజు, తన ఫీజు రెండూ దండగేననీ చెప్పి, వకాలతు మీద సంతకం తీసుకోకుండానే ఆయన పంపించివేశారు. మా లెక్కల పుస్తకంలో దీన్ని 'చేజారిన ఖాతా'గా నమోదు చేసి, ఆయన వ్యాపార దృష్టి పట్ల ప్రగాఢ సంతాపం ప్రకటించాము.

తరువాతి వారం అదే ఊరి నుంచి ముగ్గురు కాగితాల సంచులతో దిగి, "కేసు లేకుంటే లేదని మొగమ్మీదే చెప్పే సార్ ఈయనేనా?" అని వాకబు చేశారు.

ఆ వాక్యాన్నే వెబ్‌సైటులో పెట్టిద్దామని మేము ఉత్సాహపడ్డాము. నియమంలో ఇచ్చిన షెడ్యూలులో అలాంటి గడి లేదని చెప్పి, వకీలు ఆ ముగ్గురిలో మొదటివాడి పట్టాదారు పాసుపుస్తకం తిరగేయడం మొదలుపెట్టారు.