బ్యానర్ మీద లోగో పేపర్ మిల్లుకెందుకు?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంజినీరింగ్ కాలేజీల నుంచి టెక్ ఫెస్ట్ స్పాన్సర్‌షిప్ ఉత్తరాలు ఏటా ఒకే మూసలో వెళ్తున్నాయి. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని మూడు ప్యాకేజీలు, బ్యానర్ మీద లోగో, స్టాల్‌కి చోటు, స్టేజీ మీద పేరు. చివర్లో ‘మీ సీఎస్ఆర్ నిధుల నుంచి సాయం చేయగలరు’ అని ఒక వాక్యం. ఉత్తరాన్ని చంపేది ఆ వాక్యమే.

కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి మేలు చేసే పనులకి, ఖర్చు పెట్టాలి. అయితే తమ సరుకుకి ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదని 2021లో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అంటే ఒకే ఉత్తరంలో లోగో ఇస్తామంటూ సీఎస్ఆర్ డబ్బు అడిగితే, ఆ ఫైలు మీద సంతకం పెట్టే అధికారి ఇరుక్కుంటాడు. అందుకే పక్కన పెట్టేస్తాడు. పిల్లలేమో కంపెనీకి మనమంటే చులకన అనుకుంటారు.

మూస ఉత్తరమే మేలని వాదించేవాళ్లున్నారు. వంద చోట్లకి పంపితే పది చోట్ల పలుకుతుందని, బైక్ షోరూమ్, కోచింగ్ సెంటర్, మొబైల్ షాపు బ్యానర్ చూసే డబ్బిస్తాయని అంటారు. నిజమే. వాళ్ల కొనుగోలుదారులు ఆ మైదానంలోనే ఉంటారు కాబట్టి వాళ్లకి ఆ ఉత్తరం సరిపోతుంది.

కానీ రాయగడ జిల్లాలో అసలు డబ్బున్నది ఎక్కడ? జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో క్రోమ్ ఫ్యాక్టరీ, టికిరి దగ్గర అల్యూమినా రిఫైనరీ. పక్క కోరాపుట్‌లో దామన్‌జోడి నాల్కో. అల్యూమినా కొనే విద్యార్థి ఎవడూ లేడు. వీళ్లకి కావాల్సింది రాత్రి షిఫ్టులో పంపు ఆగితే చూసుకునే మనిషి, రెండేళ్లకే భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లిపోని మనిషి. అంటే ఉత్తరం మార్కెటింగ్‌కి కాదు, హెచ్ఆర్‌కి, ప్లాంటు మెయింటెనెన్స్ అధిపతికి వెళ్లాలి.

ఆ ఉత్తరం ఎలా ఉండాలో చూద్దాం. గుణుపురం వైపు ఒక కాలేజీ పేపర్ మిల్లుకి రాస్తోందనుకోండి. మొదటి పేరాలోనే అడగాలి: ‘మా ఫెస్టులో పంపులు, మోటార్ల లోపాలు కనిపెట్టే పోటీ ఒకటి మీ పేరున నడుపుతాం. ఖర్చు 40,000 రూపాయలు: బహుమతులకు 20,000, పాత మోటార్లు, బేరింగులు, సెన్సార్లకు 15,000, భోజనాలకు 5,000.’ ఫెస్టు మొత్తం బడ్జెట్ చెప్పి ‘తోచినంత ఇవ్వండి’ అనడం కన్నా ఇది చాలా నయం, ఎందుకంటే తన డబ్బు ఎక్కడికి పోతుందో ఇచ్చేవాడికి కనిపిస్తుంది.

తర్వాత వాళ్లకేం దక్కుతుందో చెప్పాలి. పోటీలో పెట్టే లోపమేదో వాళ్ల ఇంజినీరే నిర్ణయిస్తాడు, జడ్జిగా ఆయనే కూర్చుంటాడు. పిల్లలు శబ్దం విని, వేడి చూసి, బేరింగ్ పోయిందా, షాఫ్ట్ వంకర తిరిగిందా ఎలా తేలుస్తున్నారో కళ్లారా చూస్తాడు. ఏ ఇంటర్వ్యూలోనూ అది కనబడదు. ఫెస్టు అయిన 15 రోజుల్లో బాగా చేసిన పిల్లల వివరాలు వాళ్ల అనుమతితో, ఖర్చు లెక్కలతో పాటు అందుతాయి.

డబ్బు దారి కూడా ఉత్తరంలోనే ఉండాలి. చెక్కు కాలేజీ పేరున, కాలేజీ పాన్‌తో తీసుకోవాలి. విద్యార్థి సొంత ఖాతా నంబరు కనిపిస్తే అకౌంట్స్ విభాగం అక్కడే ఆపేస్తుంది. ట్రస్టో సొసైటీయో నడిపే కాలేజీ అయితే స్పాన్సర్‌షిప్ మీద 18 శాతం జీఎస్టీ సాధారణంగా రివర్స్ చార్జ్ కింద కంపెనీయే కట్టాలి. 40,000 మీద అది 7,200. ముందే రాస్తే చివర్లో పేచీ ఉండదు.

అసలు నా పట్టు ఇంకో మాట మీద ఉంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఈ ఫ్యాక్టరీలకు ఆ బాధ్యత ఎలాగూ ఉంది. అలాంటప్పుడు పక్క ఊరి కాలేజీ ప్లాటినం ప్యాకేజీ అమ్ముకోవడమేమిటి? మన సరిహద్దు పిల్లలకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లిష్ వస్తాయి. షాప్‌ఫ్లోర్ మీద ఇవి మూడూ పనికొస్తాయి. ఈ జిల్లా నీళ్లతో, నేలతో నడిచే ఫ్యాక్టరీ ఇక్కడి పిల్లల్ని పనిలోకి తీసుకోవాలని అడగడం మన హక్కు. కాబట్టి ఆ ఉత్తరం చివర ధన్యవాదాలకి ముందు ఇంకో వాక్యం రాయండి: ‘పోటీలో మొదటి ఐదుగురిని ఈ ఏడాది మీ అప్రెంటిస్ ఎంపికకు పిలవగలరా?’ 40,000 రాకపోయినా, ఈ ప్రశ్నకి జవాబు అడిగి తీసుకోండి.