గడ్డకట్టని జున్ను, గడ్డకట్టిన మరక

మొన్న ఆదివారం మా బావగారి తెల్లపంచె మీద పడ్డ మరక ఇంకా వదల్లేదు. అందుకే వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. మా ఆవిడ అన్నగారమ్మాయి డిగ్రీలో ఫుడ్ సైన్స్ చదువుతోంది. పరీక్షలని చెప్పి అత్తగారూ, బావగారూ, ఆ అమ్మాయీ మా ఇంటికి వచ్చారు. సరిగ్గా అదే రోజు మా పాలవాడి ఆవు ఈనింది. ఈ రెండూ ఒకేసారి జరగడమే నా ఖర్మ.

ఆ అమ్మాయి క్వశ్చన్ బ్యాంక్ తెరిచి అడిగింది. "మామయ్యా, 'ప్రోటీన్ ఉన్న పదార్థాన్ని వేడి చేస్తే గడ్డకడుతుంది. ఒప్పా, తప్పా?' అని ఉంది. కీలో ఒప్పు అని ఇచ్చారు. మరి పాలు రోజూ మరిగిస్తున్నాం, గడ్డకట్టవేం?"

మంచి ప్రశ్న. ఆ కీ రాసినవాడు ఎప్పుడైనా స్టవ్ ముందు నిలబడ్డాడా అని నాకు అనుమానం. మూడు వేరు వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టి ఒక మార్కుకి అమ్మేశాడు. వేడికి ప్రోటీన్ మడతలు విప్పుకోవడం ఒకటి, అది డినాచురేషన్. విప్పుకున్నవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవడం రెండోది, అది కోయాగ్యులేషన్. ఆ అతుక్కోవడం ఒక వలలా అల్లుకుని, నీళ్ళన్నిటినీ లోపలే పట్టుకుని కూర్చోవడం మూడోది, అది జెల్. ఉడికించిన గుడ్డులో తెల్లసొన ఈ మూడూ చేస్తుంది. దాంట్లో దాదాపు 90 శాతం నీళ్ళే, అయినా కోస్తే చుక్క కారదు. విరిగిన పాలు రెండోదానితో ఆగిపోయినట్టు లెక్క. ముక్కలు ముక్కలుగా, నీళ్ళు నీళ్ళుగా ఉంటాయి.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. "ఉండు, జున్ను చేసి చూపిస్తా" అన్నాను.

మర్నాడు పాలవాడి దగ్గర అర లీటరు జున్నుపాలు కొన్నాను. 300 రూపాయలు. "మొదటి పూట పాలేనా?" అంటే "మీకు వేరే పాలిస్తానా సార్" అన్నాడు. గమనించండి, అది జవాబు కాదు, ఎదురు ప్రశ్న. నాకు అప్పుడు తట్టలేదు.

"అల్లుడుగారూ, ముందు గరిటలో కాస్త పోసి మంట మీద పెట్టి చూడండి. గట్టిపడితేనే మామూలు పాలు కలపండి" అన్నారు అత్తగారు. "కాకపోతే రెండు గుడ్లు కొట్టి పోసుకోవచ్చు."

నేను నవ్వాను. అదీ నా తప్పు. జున్నుపాలల్లో గుడ్డు అవసరం లేనంత ప్రోటీన్ ఉంటుందండీ అని మొదలెట్టి, ఒక పాఠం చెప్పాను. మామూలు ఆవు పాలల్లో ప్రోటీన్ 3.3 శాతం దాకా ఉంటుంది. అందులో ఐదింట నాలుగు వంతులు కేసిన్. కేసిన్‌కి గట్టి మడతలంటూ పెద్దగా లేవు, కాబట్టి వేడికి విప్పుకోవడానికీ ఏమీ లేదు. ఎంత మరిగించినా పట్టించుకోదు. వేడికి విప్పుకునేవి 'వే' అనే రకం ప్రోటీన్లు, అవి మిగిలిన ఐదో వంతే. అందుకే మరిగిన పాలు పాలుగానే ఉంటాయి. ఈనిన మొదటి పూట పాలల్లో మాత్రం మొత్తం ప్రోటీన్ 14 శాతం దాకా పోతుంది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం దూడకి రోగాలు రాకుండా తల్లి ఇచ్చే యాంటీబాడీలు. అవి వేడికి విప్పుకునే జాతి. అందుకే మొదటి పూట పాలు ఒక వంతుకి రెండు వంతులు మామూలు పాలు పోసినా జున్ను కడుతుంది.

పాఠం బాగుంది. అత్తగారు తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తల ఊపడంలో ఏముందో ఇప్పుడు అర్థమవుతోంది.

అర లీటరు జున్నుపాలకి లీటరు ప్యాకెట్ పాలు కలిపాను, బెల్లం, మిరియాలు, యాలకులు వేశాను, కుక్కర్లో అడుగున నీళ్ళు పోసి గిన్నె పెట్టాను, వెయిట్ తీసేసి ఆవిరి మీద ఉడికించాను. ఎంతసేపో చూడలేదు. దించాను. చల్లారనిచ్చాను. అంతా సవ్యంగా జరిగినట్టే ఉంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ గిన్నె పైభాగం గురించి చెప్పాలి.

గిన్నె మీద మూత తీసి ఫ్యాన్ కింద పెట్టాను. పది నిమిషాల్లో పైన చక్కటి మెరుపు వచ్చింది, మిరియాలపొడి చల్లినట్టు అక్కడక్కడా మచ్చలు. వేలితో తట్టాను. వేలికి అంటలేదు. గిన్నె కాస్త వంచాను. పైన ఉన్నది కదల్లేదు. నా మనసులో "కట్టింది" అని గంట మోగింది. నిజానికి అది మీగడ. వేడి పాల పైన తడి ఆరిపోయేకొద్దీ అక్కడి ప్రోటీన్ చిక్కబడి, విప్పుకుని, కొవ్వుని పట్టుకుని పలచటి పొరలా కడుతుంది. అంటే గిన్నె మొత్తంలో జెల్ అనదగ్గది ఏదైనా ఉంటే అది ఆ కాగితమంత పొర ఒక్కటే. కెమిస్ట్రీ లెక్చరర్ అది చూసి లోపలంతా అలాగే ఉంటుందనుకున్నాడు.

అత్తగారు చాకు గుచ్చి చూడమన్నారు. "గుచ్చితే అందం పోతుందండీ, అలాగే పళ్ళెంలోకి తిరగేద్దాం" అన్నాను. ఆ మాట అనకపోయినా బాగుండేది. అందరినీ పిలిచాను. మా ఆవిడ ఫోన్ తీసింది. అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుంది. బావగారు పేరంటానికి వచ్చినవాడిలా ఇస్త్రీ పంచె కట్టుకుని, సరిగ్గా బల్ల అంచు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో ఎవరైనా కొలత కొట్టి చెప్పినా అంత కచ్చితంగా కూర్చోలేరు.

గిన్నె మీద పళ్ళెం బోర్లించాను. రెండు చేతులతో గట్టిగా అదిమాను. "చూడు, ఇప్పుడు నీకు జెల్ అంటే..." అన్నాను. తిరగేశాను.

గిన్నె పూర్తిగా తిరగకముందే చేతుల్లో ఒక "గ్లక్" వినిపించింది. గట్టిపదార్థం చేసే చప్పుడు కాదది. బిందె వొలికినప్పుడు వచ్చే చప్పుడు. దాదాపు లీటరున్నర బెల్లపు నీళ్ళు పళ్ళెం అంచు దాటి, బల్ల దాటి, నేరుగా బావగారి ఒళ్ళోకి దిగాయి. అందులో గోధుమరంగు పలుకులు తేలుతున్నాయి. పలుకులన్నీ ఆయన పంచె మడతల్లో ఆగిపోయాయి, నీళ్ళు మాత్రం కిందికి కారిపోయాయి. ఇంత చక్కటి వడకట్టు నేను లాబ్‌లో కూడా చేయలేదు. చివరగా, కాస్త ఆలస్యంగా, ఆ మీగడ పొర గిన్నె అంచు నుంచి ఊడి, వెళ్ళి ఆయన మోకాలి మీద నిదానంగా పరుచుకుంది.

ఎవరూ మాట్లాడలేదు. వీడియో మాత్రం నడుస్తూనే ఉంది.

"మామయ్యా," అంది అమ్మాయి, "ఇది కోయాగ్యులేషనే కదా? జెల్ కాదు కదా?"

కాదు. నూటికి నూరు మార్కులు. బెల్లంలో కొంచెం పులుపు ఉంటుంది. వేడికి మామూలుగా చలించని కేసిన్, వేడిలో పులుపు తగిలితే మాత్రం ముద్దలు కట్టేస్తుంది. ఆ పలుకులు అవి. వల అల్లడానికి కావల్సిన ప్రోటీన్ మాత్రం ఆ గిన్నెలో లేదు. ఎందుకంటే ఆ పాలు మొదటి పూటవి కావు. పూట పూటకీ ప్రోటీన్ పడిపోతుంది. మూడో పూటకే 14 నుంచి 5 దగ్గరికి వస్తుంది, తగ్గేదాంట్లో ఎక్కువ భాగం ఆ వేడికి విప్పుకునే రకమే. దానికి రెండింతలు ప్యాకెట్ పాలు పోసి నేను పలచన చేశాను. పలచనైపోతే విప్పుకున్న ప్రోటీన్లు ఒకదానికొకటి దొరకవు. ఇంకో గంట ఉడికించినా, రెండు గంటలు ఉడికించినా అంతే. మొదటి పూట జున్నుపాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటాయి. నాకొచ్చినవి తెల్లగా ఉన్నాయి. కళ్ళముందే ఉంది, కనపడలేదు.

బావగారు మంచి మనిషి. ఒళ్ళు తుడుచుకుంటూ సలహా కూడా ఇచ్చారు. "ఫ్రిజ్‌లో పెట్టండి. మొన్న మా ఇంట్లో పాయా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టాం, పొద్దున్నకి గడ్డలా అయింది."

అది వేరే అండీ అన్నాను. ఆ పరిస్థితిలో కూడా అన్నాను, చూడండి నా జబ్బు. కాళ్ళ ఎముకల చుట్టూ ఉన్న కొల్లాజెన్ గంటలు గంటలు ఉడికితే విడిపోయి జెలటిన్ అవుతుంది. అది చల్లబడితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చేస్తే కరుగుతుంది. పొద్దున్న పాయా వేడి చేసుకుంటే మళ్ళీ పులుసు అయిందా లేదా? జున్నూ, గుడ్డూ అలా కాదు. వేడికే గట్టిపడతాయి, ఒకసారి గట్టిపడితే వెనక్కి రావు. ఉడికిన గుడ్డు చల్లబడిందని మళ్ళీ సొన కాదు కదా. ఆయన వింటూ మోకాలి మీద మీగడని గోటితో తీసుకుంటున్నారు.

పాలవాడికి ఫోన్ చేశాను. "మూడో పూట పాలు సార్, మొదటి రోజువన్నీ ముందే చెప్పుకున్నవాళ్ళకి వెళ్ళిపోయాయి. మీరు జున్నుపాలే అడిగారు కదా, ఇవీ జున్నుపాలే" అన్నాడు. చట్టప్రకారం వాడు గెలిచాడు. నా 300 గెలవలేదు.

సాయంత్రం అత్తగారు ఎవరికీ చెప్పకుండా ఫ్రిజ్‌లో మిగిలిన పాలు రెండు గ్లాసులు తీసి, రెండు గుడ్లు గిలక్కొట్టి, పంచదార కలిపి, సన్నటి సెగ మీద ఆవిరికి పెట్టారు. పంచదార ఎందుకంటే బెల్లం నేనే అవగొట్టాను. "సెగ పెంచితే బొక్కలు పడి నీళ్ళు ఊరతాయి" అన్నారు. సరిగ్గా అంతే. అంత పాలల్లో కలిసిన గుడ్డు 80 డిగ్రీల పైచిలుకు దగ్గర వలలా అల్లుకుంటుంది. మరుగు దాకా పోతే వల బిగుసుకుపోయి, పట్టుకున్న నీళ్ళని తానే పిండేస్తుంది. ఆవిడకి ఆ డిగ్రీలతో పని లేదు. చాకు గుచ్చారు, శుభ్రంగా వచ్చింది, దించారు. కదిలిస్తే వణికింది, వొలకలేదు. అందరూ తిన్నారు. నాకూ పెట్టారు, చెంచాడు.

"మరి ఆ ప్రశ్నకి ఏం రాయమంటావు మామయ్యా?" అంది అమ్మాయి పడుకోబోయే ముందు.

"ఒప్పనే రాయి. లేకపోతే మార్కు పోతుంది."

పొద్దున్నే పంచె నానబెట్టడానికి మా ఆవిడ బకెట్ తీసింది. "వేడినీళ్ళు పొయ్యకు! పాల మరక కదా, వేడికి ప్రోటీన్ గడ్డకట్టి బట్టని పట్టేసుకుంటుంది. చన్నీళ్ళే పొయ్యి" అని వంటింట్లోంచి అరిచాను.

"గిన్నెలో కట్టనిది బకెట్లో కడుతుందా?" అంటూ ఆవిడ మరుగునీళ్ళు కుమ్మరించేసింది.

కట్టింది.