రూపాయి వడ్డీ అన్న మాటకు అసలు రేటు ఎంత?

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక బండ్ల షోరూముకు మా తమ్ముడితో కలిసి వెళ్లినప్పుడు, అక్కడ అప్పు ఇప్పించే ఉద్యోగి చిన్న కాగితం మీద మూడే అంకెలు రాసి ఇచ్చాడు: అప్పు 60,000, వాయిదా 3,100, నెలలు 24. వడ్డీ ఎంతని అడిగితే, "రూపాయి వడ్డీయేనండీ" అన్నాడు. నూటికి నెలకు రూపాయి చొప్పున 60,000కు రెండేళ్ల వడ్డీ 14,400. అసలుతో కలిపి 74,400. దాన్ని 24తో భాగిస్తే సరిగ్గా 3,100. కూడికలో తప్పేమీ లేదు.

అయితే ప్రామిసరీ నోటు రాసి తెచ్చుకున్న అప్పులో అసలు మొత్తం గడువు దాకా మన దగ్గరే ఉంటుంది. వాయిదాల అప్పులో అది నెలనెలా వెనక్కి పోతుంది. ఏడాది తిరిగేసరికి మిగిలే బాకీ దాదాపు 33,000 మాత్రమే, అయినా వడ్డీ మాత్రం పూర్తి 60,000 మీదే వేస్తారు. కాబట్టి నిజమైన రేటు తెలియాలంటే, ఏ రేటుతో నెలనెలా మిగిలిన బాకీ మీదే వడ్డీ వేసుకుంటూ పోతే 24వ వాయిదాతో బాకీ సున్నా అవుతుందో ఆ రేటును పట్టుకోవాలి. నెలసరి రేటును r అనుకుంటే లెక్క ఇది:

```
60000 = 3100 × (1 − (1 + r)^−24) / r
```

ఇందులో r ఒకపక్క ఘాతం కింద, మరోపక్క హారంలో ఉంది కనుక దాన్ని విడదీసి ఒక్క మెట్టులో తేల్చే సూత్రం లేదు. ఒక రేటు అనుకుని, కుడివైపు విలువ కట్టి, దిద్దుకుంటూ పోవలసిందే. నెలకు 1.5 శాతం అనుకుంటే 62,094 వస్తుంది, అంటే రేటు ఇంకా పెరగాలి. 2 శాతం అనుకుంటే 58,633, అంటే దాటిపోయాం. ఈ రెండింటి మధ్య దామాషా కడితే 1.8 వస్తుంది, దానితో 59,984, పదహారు రూపాయలే తేడా. ఏడాదికి సుమారు 21.6 శాతం అన్నమాట. స్ప్రెడ్‌షీట్‌లోనైతే ఇంతే:

```
=RATE(24,-3100,60000)*12
```

వాయిదాకు ముందు మైనస్ గుర్తు మరిచిపోతే #NUM! అని వస్తుంది, ఎందుకంటే డబ్బు వచ్చేది ఒక దిక్కు, పోయేది మరో దిక్కు.

ఆ కాగితంలో లేని అంకె మరొకటి ఉంది. ప్రాసెసింగ్ రుసుము కింద 1,500 ముందే పట్టుకుంటామని అతను చివర్లో చెప్పాడు. చేతికి అందేది 58,500 గనుక లెక్కలో వేయవలసిందీ అదే. అప్పుడు రేటు నెలకు 2.02 శాతానికి చేరుతుంది. రూపాయి వడ్డీ అన్నది రెండు రూపాయలు దాటింది.

2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇవ్వవలసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో, ఇలాంటి రుసుములన్నీ కలిపిన వార్షిక రేటు APR పేరుతో ఉండాలి. మన లెక్క దానితో కలవకపోతే, రుసుమునూ బీమా ప్రీమియంనూ ఒక్కొక్కటిగా 60,000లోంచి తీసివేస్తూ RATE మళ్లీ వేసి చూస్తే, వాళ్లు దేన్ని వదిలేశారో బయటపడుతుంది.