“అసంప్షన్స్‌లో రాశాం కదా” అంట!

ఇప్పుడే క్లయింట్‌తో కాల్ అయింది, ఒళ్లు మండిపోతోంది. ఒక స్కూళ్ల గ్రూపుకి ఫీజులు కట్టే యాప్ చేస్తున్నాం. తల్లిదండ్రులు లాగిన్ అవ్వాలంటే ఫోనుకి ఓటీపీ రావాలి, అది రావట్లేదు. ఎందుకంటే సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లని ఆపరేటర్ల దగ్గర ముందే నమోదు చేసే డీఎల్‌టీ అనే వ్యవస్థలో ఆ స్కూళ్ల పేరు మీద టెంప్లేట్, అంటే మెసేజ్ నమూనా, రిజిస్టర్ కాలేదు. చెయ్యమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు మరి! మా ప్రాజెక్ట్ ప్లాన్ తెరిస్తే అసంప్షన్స్ కింద ముద్దుగా ఒక లైను: “ఎస్సెమ్మెస్ సేవలు అందుబాటులో ఉంటాయి.” మా మేనేజర్ గారు దాన్ని స్క్రీన్ మీద చూపించి “ఇది ముందే రాశాం కదండీ” అన్నారు. అవతలాయన తాపీగా “మీలో మీరు అనుకున్నారు, మాకు చెప్పలేదు కదండీ” అన్నాడు. ఆయన మాటే రైటు, నాకు ఇంకా మండింది అందుకే.

అసలది అసంప్షనే కాదు మహాప్రభో, డిపెండెన్సీ, అంటే ఇంకొకరు చేసిపెడితేగానీ మన పని కదలనిది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం మెసేజ్ ఎవరి పేరున వెళ్తుందో ఆ సంస్థే డీఎల్‌టీలో నమోదు కావాలి, తర్వాత హెడర్, అంటే మెసేజ్ పైన కనిపించే పంపినవాళ్ల పేరు, ఆ తర్వాత టెంప్లేట్ ఆమోదం పొందాలి. టెంప్లేట్‌లో మారే భాగం ఉన్నచోట ఒక గుర్తు పెడతారు, మిగతా వాక్యం మనం పంపేదానితో కలవకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. తమాషా ఏంటంటే మన మెసేజ్‌లని ఆపరేటర్‌కి చేర్చే గేట్‌వే మాత్రం మెసేజ్ తీసుకున్నానని చక్కగా జవాబిస్తుంది, డెలివరీ రిపోర్ట్ తెరిస్తేగానీ ఫెయిలైందని తెలీదు. మా టెస్టింగంతా మా కంపెనీ హెడర్ మీద జరిగింది కాబట్టి ఇన్నాళ్లూ అన్నీ పచ్చగానే కనిపించాయి.

మరి ఎలా రాయాలి? ఇలా: “స్కూల్ గ్రూపు డీఎల్‌టీ నమోదు పూర్తిచేసి, లాగిన్ ఓటీపీ టెంప్లేట్ ఐడీని మే 10లోగా మాకు ఇవ్వాలి. బాధ్యత వాళ్ల ఐటీ హెడ్‌ది. మే 15న మొదలయ్యే యూజర్ టెస్టింగ్ దీనిమీదే ఆధారపడి ఉంది, ఇది మే 15 దాటి ఎన్ని రోజులు ఆలస్యమైతే టెస్టింగ్ కూడా అన్ని రోజులు వెనక్కి పోతుంది.” ఎవరు, ఏమిటి, ఎప్పటికి, రాకపోతే ఏది ఆగుతుంది, అంతే. ఇది రాసి ఆ ఐటీ హెడ్ చేత ఒప్పుకున్నట్టు మెయిల్ పెట్టించుకుంటే ఈరోజు కాల్ ఐదు నిమిషాల్లో అయిపోయేది.

అసంప్షన్ అంటే ఇంకా తేలని సంగతి, ప్రస్తుతానికి నిజమని పెట్టుకుని ముందుకెళ్తున్నాం అని. ఈ ప్రాజెక్టులో అసలైనది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ రాయలేదు: 8,000 మంది పిల్లల రికార్డుల్లో తల్లిదండ్రుల నంబర్లు సరిగ్గా ఉన్నాయని. “తప్పు నంబర్లు 5 శాతం లోపే ఉంటాయని అనుకుంటున్నాం. ఏప్రిల్ 25లోగా 200 రికార్డులు తీసి ఫోన్ చేసి చూస్తాం, 10 కంటే ఎక్కువ తప్పు తేలితే నంబర్లు సరిచేసే పనికి 6 రోజులు కలుపుతాం” అని రాస్తే అది అసంప్షన్. చూసే తేదీ లేకపోతే అది మొక్కుబడి, ఏ దేవుడికో తెలీదు.

ఇక కన్‌స్ట్రెయింట్స్, అంటే మనం మార్చలేని హద్దులు, వాటి కింద మా వాళ్ల కవిత్వం: “టైమ్‌లైన్ టైట్‌గా ఉంది.” ఎవరికి తెలీదు బాబూ! జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు, జూన్ 10కి యాప్ లైవ్‌లో ఉండాలి, ఆ తేదీని వెనక్కి జరపలేం. అది ఒప్పుకున్నాక దానివల్ల ఏది వదులుకుంటున్నామో పక్కనే ఉండాలి: వాయిదాల్లో ఫీజు, బస్ ఫీజు మొదటి విడతలో ఉండవు అని. అది రాయలేదు కాబట్టే పోయిన వారం బస్ ఫీజు ఏదని వాళ్లు అడిగితే మా మేనేజర్ గారు “చూద్దామండీ” అన్నారు. చూసేది ఆయన కాదుగా, రాత్రి పదింటికి నేను చూస్తున్నా.

అసలు ఈ సెక్షన్ మొత్తం పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టిందే, నాకెలా తెలుసంటే ఆ పాత ప్రాజెక్టులోనూ ఇదే లైను ఉంది: “కీలక సిబ్బంది ప్రాజెక్ట్ పూర్తయ్యేవరకు అందుబాటులో ఉంటారు.” కీలక సిబ్బంది అంటే ఎవరనుకున్నారు? మా చెల్లి పెళ్లిలో తలంబ్రాల టైముకి ఫంక్షన్ హాల్ వెనక డైనింగ్‌లో లాప్‌టాప్ పెట్టుకుని ప్రొడక్షన్ ఇష్యూ చూసిన నేను! లీవ్ నెల ముందే అప్రూవ్ అయింది. అడిగితే “ప్లాన్‌లో నువ్వు ఉంటావనే ఉందిగా” అన్నారు. లీవ్ తేదీలు తెలిసిపోయాక నేను ఉంటానని అనుకోవడమేంటండీ? ఆ రోజుల్లో నేను లేను, అది కన్‌స్ట్రెయింట్, నా బదులు ఎవరు చూస్తారో దాని పక్కన రాయాలి.

ఆగస్టులో అదే చెల్లి గృహప్రవేశం. తేదీలు, నా బదులు చూసే అతని పేరు కన్‌స్ట్రెయింట్స్‌లో రాసి మేనేజర్ గారికి పంపా. “ఇవి ప్లాన్‌లో ఎందుకమ్మా, పర్సనల్ కదా” అని రిప్లై.